ఫోటోలో కప్పిన పెంకులు

ఆదోనిలో ఫోటో ఏదైనా పాడైతే జనం మా సామ్సన్ దగ్గరికే వస్తారు. పెళ్లిలో కళ్లు మూసుకున్న పెళ్లికొడుక్కి కళ్లు తెరిపిస్తాడు. బతికున్నన్నాళ్లూ చొక్కా వేసుకోని తాతకి చనిపోయాక కోటు తొడుగుతాడు. పని మంచిది, కానీ ఆ పని గురించి తనే చెప్పుకోవడం మరీ మంచిదని అతని నమ్మకం. పక్కనే జిరాక్సు కొట్టు పెట్టుకున్న పాపానికి ఆ చెప్పుకోవడమంతా పన్నెండేళ్లుగా నేను వింటున్నాను.

పోయిన ఏప్రిల్‌లో ఇంజనీరు మహేశ్వర్ పెన్‌డ్రైవు పట్టుకుని వచ్చాడు. ఏ శాఖ ఇంజనీరో చెప్పను, నేను ఈ ఊళ్లోనే బతకాలి. పెన్‌డ్రైవులో ఎమ్మిగనూరు నేతబడి బంగళా ఫోటో ఉంది. తెల్లదొరల కాలంలో మగ్గం నేర్పడానికి కట్టిన బంగళా అది. ఇప్పుడు అక్కడ మగ్గమూ లేదు, నేర్చుకునేవాళ్లూ లేరు. నూరేళ్లు దాటింది కాబట్టి పాత కట్టడాల జాబితాలో చేర్చి, ఇక దాన్ని చూడాల్సిన అవసరం తీరిపోయినట్టు శాఖవాళ్లు ఊరుకున్నారు. దానికి కాపలా తాయమ్మ. రోజుకూలి ఉద్యోగం, అదొక్కటే ఆమెకు ఆధారం. వరసకి సామ్సన్‌కి మేనత్త.

అంతకు ముందు ఏడు గాలివానకి కుడివైపు కప్పు మీద బెంగళూరు పెంకులు లేచిపోయాయి. కుడి చివరి కిటికీలో నాలుగద్దాలు పగిలాయి. బాగు చేయించమని తాయమ్మ మూడు అర్జీలు పెట్టింది. మూడూ టైపు చేసింది నేనే. వాటికి జవాబు రాలేదు, మహేశ్వర్ పెన్‌డ్రైవు వచ్చింది.

"ఇది మా శాఖ క్యాలెండర్‌కి పోవాల సామ్సన్. పెంకులు, అద్దాలు పెట్టెయ్యి. పెట్టినట్టు ఎవరికీ తెలీకూడదు" అన్నాడు.

"బంగళాకే పెట్టిస్తే పోతుంది గదా సార్?"

"దానికి ఎస్టిమేటు ఎయ్యాల, టెండరు పిలవాల, సంతకాలు కావాల. నీకైతే మౌసుంటే సాలు గదప్పా."

మొదట సామ్సన్ కంప్యూటర్లో ఈమధ్య వచ్చిన కృత్రిమ తెలివినే అడిగాడు. అది క్షణంలో కప్పు నింపేసింది. పెంకులు నిన్ననే కడిగి ఆరబెట్టినట్టు మెరిశాయి, ఒక మూల అడక్కుండానే పొగగొట్టం కూడా మొలిచింది. ఎమ్మిగనూరు ఎండలో పొగగొట్టం! సామ్సన్ తిట్టుకుని, చేత్తోనే మొదలుపెట్టాడు.

మూడు రోజులు పట్టింది. అదే కప్పు మీద ఎడమవైపు బాగున్న పెంకుల్ని కొద్దికొద్దిగా కోసి, కొత్త లేయర్లో, అంటే ఫోటో మీద పరిచిన ఇంకో పొరలో పెట్టి, బొక్క మీదికి జరిపాడు. పై వరసలు చిన్నగా, కింది వరసలు పెద్దగా కనపడాలి కాబట్టి ప్రతి ముక్కనీ సాగదీసి వరస గీతలు కలిపాడు. ముక్కని అద్దంలో బొమ్మలా తిప్పి అతికిస్తే నీడ అవతలి పక్కకి పోయి గుట్టు బయటపడుతుంది. అందుకని ఒక్కటీ తిప్పలేదు. ఒకే మచ్చ రెండుచోట్ల పడకుండా ఒక పెంకు మీది నాచు తుడిచి ఇంకో పెంకు నల్లబరిచాడు. చివరికి ఫోటోలో మిగతా చోట్ల ఎంత గరుకుందో అతుకుల మీదా అంతే చల్లాడు. అద్దాలు నాలుగూ మాత్రం పక్క కిటికీలోంచి ఎత్తి పెట్టేశాడు. అప్పటికి మూడో రోజు సాయంత్రమైంది, మహేశ్వర్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

క్యాలెండర్ అచ్చయ్యాక వచ్చినవాడినల్లా గోడ దగ్గరికి లాక్కెళ్లాడు. "యాడ పెట్టినానో సూపీయన్నా, టీ తాగిపిస్తా" అనేవాడు. నేను ఇరవైసార్లు చూశాను. ఒక్క టీ కూడా గెలవలేదు.

ఆ గొప్ప అక్కడితో ఆగినా బాగుండేది. ఆఫీసులో ఎవరో పుణ్యాత్ముడు కట్టడాల రిజిస్టరులో బంగళా పేజీకి పాత ఫోటో పీకి, క్యాలెండర్ ఫోటో అంటించి, కింద "స్థితి: బాగున్నది" అని రాశాడు. బాగున్నదానికి బాగుచేయడమెందుకని తాయమ్మ అర్జీలు మూడూ ముగించేశాడు.

ఆగస్టులో కర్నూలు నుంచి భారతి అనే కొత్త అధికారి తనిఖీకి వచ్చింది. రిజిస్టరులో చూస్తే పెంకులున్నాయి, బంగళా మీద చూస్తే ఆకాశం ఉంది. రెంటిలో ఏది నమ్మాలన్న సందేహం ఆమెకి రాలేదు. రిజిస్టరుకి నంబరుంది, ఆకాశానికి లేదు. ఫోటో పెద్దది చేయించి లెక్కపెట్టించింది. వారంలో తాయమ్మకి నోటీసు వచ్చింది. నీ కాపలాలో ఉన్న నూట నలభై పెంకులూ నాలుగు కిటికీ అద్దాలూ ఏమయ్యాయో చెప్పు, చెప్పకపోతే ఉద్యోగంలోంచి తీసి పోలీసులకి అప్పగిస్తాం అని.

తాయమ్మ ఆ కాగితం పట్టుకుని ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా సామ్సన్ కొట్టుకొచ్చింది. నేను చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ఏమప్పా సామ్సనూ, నువ్వు పెట్టిన పెంకులు నేను యాడ తెచ్చియ్యాల? పన్నెండేండ్లు ఆడ కసువు ఊడ్సినా. పుల్ల ముట్టుకోల్యా. ఈ వయసులో దొంగ అనిపించుకోవాల్నా?"

సామ్సన్ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. "నేనొచ్చి సెప్తా అత్తా. నేనే పెట్టినానని సెప్తా" అన్నాడు. అంతకాలంలో తన పని గురించి అతను అంత తగ్గి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

విచారణ బంగళా దగ్గరే పెట్టారు. జవాబు కాగితం టైపు చేసినవాణ్ని కాబట్టి నేనూ వెళ్లాను. భారతి మేడం వరండాలో కుర్చీ వేయించుకుంది. మహేశ్వర్ ఆమె వెనకాల నిలబడ్డాడు.

"మేడం, ఆ పెంకులు నేను కంప్యూటర్లో పెట్టినవి. ఈ సారే పెట్టమన్నారు" అన్నాడు సామ్సన్.

మేడం మహేశ్వర్ వైపు చూసింది. "నాకు గుర్తు లేదు మేడం" అన్నాడతను. మూడు రోజులు ఫోన్లు చేసి చంపినవాడు!

"కంప్యూటర్ పని నేను గుర్తుపట్టగలను" అంది మేడం. "ఎక్కడో ఒకచోట తేడా ఉంటుంది. ఇందులో లేదు. నాచు చూడండి, నీడలు చూడండి. ఇవి అసలు పెంకులే."

చెప్పకూడదు కానీ, ఆ మాటకి సామ్సన్ ఛాతీ కాస్త పొంగింది. అత్త కేసి చూడగానే మళ్లీ దిగింది.

లాప్‌టాప్ తెరిచాడు. అతుకుల లేయర్లన్నీ అతను పారేయకుండా దాచుకుంటాడు. పెళ్లయిన ఏడాదికి తోడల్లుణ్ని ఫోటోలోంచి తీసేయమని వచ్చేవాళ్లే, ఆస్తి పంపకాలు కుదిరాక మళ్లీ పెట్టమని వస్తారు. అందుకని ఆ అలవాటు. ఒక్క నొక్కు నొక్కాడు. పెంకులు మాయమై వాసాలు, రీపర్లు బయటపడ్డాయి. ఇంకో నొక్కుకి పెంకులొచ్చాయి.

మేడం తల అడ్డంగా ఊపింది. "పెంకులు పెట్టగలిగినవాడివి తీసేయనూగలవు. ఈమె మీ మేనత్త. ఆమెని కాపాడటానికి నిన్న కూర్చుని బొక్క తయారుచేశావని నేనెందుకు అనుకోకూడదు?"

సామ్సన్ మళ్లీ ఫోటో మీదికి వంగాడు. తన పనిలో తప్పు చూపించుకోవాలి, ఎంత వెతికినా కనపడదు. ఎందుకంటే తప్పు లేకుండా చేయడానికి మూడు రోజులు కూర్చున్నది తనే. ఆ నిమిషంలో అతని మీద నాకు జాలీ వేసింది, చెంపమీద కొట్టాలనీ అనిపించింది.

అప్పుడు తాయమ్మ లేచి, మేడం చేతిలో ఉన్న ఫోటోని దగ్గరగా చూసింది.

"మేడమ్మా, ఈ కిటికీ అద్దంలో యాపసెట్టు కనపడతాంది గదా?" అంది ఫోటోలో కుడి చివరి కిటికీ చూపిస్తూ.

"అవును. పక్క కిటికీలో కూడా కనపడుతోంది. ఎదురుగా ఉన్నది అద్దంలో కనపడుతుంది కదా."

"యాపసెట్టు ఆ పక్క కిటికీకి ఎదురు ఉండాది. ఈ కిటికీకి ఎదురు ఏముందో తిరిగి సూడమ్మా. రోజూ నీళ్లు పట్టుకునేది ఆడనే."

అందరం తిరిగాం. కుడి చివరి కిటికీకి ఎదురుగా మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకు, నాలుగు కాళ్ల మీద, తెల్లగా నిలబడి ఉంది. చెట్టు జాడ లేదు. ఫోటో తీసినచోట నిలబడి మేడం ఒక్కో కిటికీ చూసుకుంది. పక్క కిటికీలో వేపచెట్టు ఉంది. తాయమ్మ తన స్టీలు పళ్లెం తెచ్చి, పగిలిన కిటికీ చట్రంలో అద్దం ఉండే చోట ఆనించి పట్టుకుంది. పళ్లెంలో ట్యాంకు కనపడింది.

"ఆ నాలుగద్దాలు తొందర్లో చేసినా మేడం" అన్నాడు సామ్సన్ తల దించుకుని. అత్త నిర్దోషి అయినందుకు సంతోషించాలో, చదువురాని అత్త తన పనిలో తప్పు పట్టినందుకు ఏడవాలో తెలియని ముఖం అది.

అద్దాలు అతికించినవైతే పెంకులూ అంతేనని మేడం ఒప్పుకుని నోటీసు వెనక్కి తీసుకుంది. మహేశ్వర్‌కి కూడా హఠాత్తుగా అన్నీ గుర్తొచ్చాయి. ఇక కప్పు సంగతేమిటని నేనడిగాను. రిజిస్టరులో "బాగున్నది" అని ఉన్నంతవరకూ బాగుచేయడానికి వీల్లేదట. ఆ మాట దిద్దాలంటే కమిటీ కూర్చోవాలట. కమిటీ వేయడానికి ఇంకో కమిటీ ఉందట. తాయమ్మ ఆ మాటలు వింటూనే వాన నీళ్లకి పెట్టిన తొట్టి తీసి పారబోసింది.

సామ్సన్ వారం రోజులు గొప్పలు చెప్పలేదు. తరవాత పెద్దకడుబూరులో పాత ఇల్లొకటి పడగొడుతున్నారని తెలిసి వెళ్లాడు. ఊరికే పారేసే పెంకుల కుప్ప ముందు కూర్చుని, ఫోన్లో బంగళా ఫోటో పెట్టుకుని, ఒక్కో పెంకుని ఎండకి పట్టి రంగు చూశాడు. అదే వయసు, అదే వంపు, అదే నలుపు ఉన్నవి ఏరాడు. అదే ఇంటి పాత బీరువా తలుపుల్లోంచి కాస్త అలలుగా కనపడే అద్దాలూ తెచ్చాడు. తిరుపాల్ మేస్త్రీ పైకెక్కి పెంకులు కప్పుతుంటే కింద నిలబడి, "అది కాదన్నా, నాచున్నది నీడ పక్కకి పెట్టు" అని విసిగించాడు. పని జరిగిన నాలుగు రోజులూ మహేశ్వర్ ఆ దారినే రాలేదు. ఆయన చేసిన సాయాల్లో పెద్దది అదే.

కప్పు చూస్తే ఏవి పాతవో ఏవి తెచ్చినవో నాకు తెలియలేదు. ఈసారి టీ నేనే తాగించాను. నిజంగా గర్వంగా అనిపించింది.

మహేశ్వర్ వచ్చి ఫోటో తీసి మేడంకి పంపాడు. రెండు రోజులకి తాయమ్మ పేరిటే మళ్లీ కాగితం వచ్చింది. నేను చదివాను. "మరల కంప్యూటర్లో దిద్దిన ఫోటో పంపినట్లు గమనించడమైనది. ఈసారి అద్దంలో ట్యాంకు కూడా పెట్టినారు. అసలు ఫోటో పంపవలెను. కారణం తెలుపవలెను."

తాయమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఏమని రాయమంటావని అడిగాను. అవతల వాన చప్పుడు గట్టిగా వినపడుతోంది.

"నీకు తోసింది రాయప్పా" అంది. "నేను ఈడ బువ్వ తింటాండా. కంచంలో ఒక్క సుక్క పడల్యా."