ముందు సున్నా

మా మేనేజర్ నా కాగితాలను నా మొహాన కొట్టిన రోజు నుంచి మొదలుపెట్టాలి. కానీ అంతకు ముందే వాటిని ఒకరు తిప్పి పంపారు కాబట్టి అక్కణ్ణుంచి చెప్తాను.

కృష్ణపట్నం దగ్గర థర్మల్ ప్లాంటులో బొగ్గు మోసే బెల్టుల విభాగంలో ఇంజనీరుని నేను. తొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. నా తర్వాత వచ్చినవాళ్లు నన్ను దాటిపోతుంటే కడుపు మండిపోయేది. ఆ ఏడు ప్రమోషన్ తమకెందుకు ఇవ్వాలో ఎవరి కేసు వాళ్లే రాసివ్వాలన్నారు. నేను పళ్లు కొరుక్కుంటూ మూడు పేజీలు రాశాను. బెల్టుల నిర్వహణ చూస్తాను, షిఫ్టు మనుషులకు పని పంచుతాను, రిపేర్లకు హాజరవుతాను. ఆ ఏడు హాజరైన రిపేర్లన్నీ కూడి, ఆ పెద్ద సంఖ్య కింద గీత కూడా గీశాను.

హెచ్‌ఆర్ మేడమ్ చదివి నవ్వింది.

"ఇదంతా మీ ఉద్యోగం సార్. మీ కుర్చీలో ఎవురు కూచున్నా ఇవే చేస్తారు. మీరు కూచున్నందువల్ల ఏం మారిందో అది రాయండి. ముందు ఎంత ఉండె, తర్వాత ఎంత అయింది, అందులో మీ చెయ్యి ఎంత, ఆ మాట నిజమని ఇంకెవురు చెప్తారు. ఇన్ని రిపేర్లంటే మీ బెల్టులు ఇన్నిసార్లు చెడిపోతుండాయని కదా?"

ఒళ్లు మండింది. కాగితాలు లాక్కుని తలుపు ధడాలున వేసి వచ్చేశాను. కానీ ఏం మారింది అన్న మాట వదల్లేదు. మారింది ఏమిటో నాకు తెలుసు, దాన్ని తలుచుకోవడమే నాకు ఇష్టం లేదు.

మా దగ్గర ఒక అలవాటుండేది. బెల్టు కింద రాలిన బొగ్గును బెల్టు నడుస్తుండగానే పారతో ఎత్తేవాళ్లు. ఆపితే ఆ ఆగిన సమయం షిఫ్టు లెక్కలో పడుతుంది, పడితే మేనేజర్ బూతులు తిడతాడు. అందుకని ఎవరూ ఆపరు. ఒక మధ్యాహ్నం మా కాంట్రాక్టు మనిషి, నేను అన్నా అని పిలిచేవాణ్ణి, బెల్టు చివర దాన్ని తిప్పే ఇనుప డ్రమ్ము దగ్గర పార పెట్టాడు. డ్రమ్ము పారను లాక్కుంది. అతను పార వదల్లేదు. పార వెంట చెయ్యి పోయింది.

పక్కనే, లాగితే బెల్టును ఆపే తాడుంది. నేను దాన్ని రెండు చేతులతో లాగాను. తుప్పు పట్టిన స్విచ్చి కదల్లేదు. మళ్లీ లాగాను. అరుపు, ఎముక విరిగిన చప్పుడు, బొగ్గు మీద రక్తం. కంట్రోల్ రూములో ఎవరో మీట నొక్కేసరికి మోచేతి దాకా ఏమీ మిగల్లేదు. ఇప్పటికీ ఎక్కడైనా రోటి చప్పుడు వినిపిస్తే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతాను.

ఆ తర్వాత పిచ్చెక్కినవాడిలా పనిచేశాను. బొగ్గు రాలే చోట రబ్బరు పట్టీలు మార్పించాను. డ్రమ్ములకు ఇనుప బోనులు బిగించాను. తాళ్లు ప్రతి వారం లాగి చూడాలన్నాను. బొగ్గు నిలవచేసే బంకర్లు నిండి బెల్టు ఎలాగూ నిలిచే సమయంలో, కరెంటు తీసి తాళం వేశాకే కింద మనిషి దిగాలన్నాను. నడిచే బెల్టు కింద పార పట్టిన ఒకణ్ణి కాలర్ పట్టి బయటికి విసిరాను. వాడు నన్ను తిరిగి తన్నాడు. అయినా ఆ పద్ధతి నిలిచింది, మిగతా షిఫ్టులూ పట్టుకున్నాయి. చెప్పకుండా బెల్టు ఆగిపోయే సమయం నెలకు పదకొండు గంటల నుంచి నాలుగుకు దిగింది. ఎవరి చెయ్యీ పోలేదు.

మేడమ్ అడిగిన ఒక్కో ప్రశ్నకు ఒక్కో గడి గీసి ఇదే రాశాను. ఆగిన గంటల లెక్క కంట్రోల్ రూము నుంచి తెచ్చాను. పై మెట్టు పని చేస్తున్నానని చూపడానికి మిగతా షిఫ్టుల ఇంజనీర్ల చేత రెండేసి మాటలు రాయించాను. చివరి వరుస ప్రమాదాలది. ముందు ఒకటి, తర్వాత సున్నా.

మేనేజర్ అక్కడే ఆగాడు.

"ముందు ఒకటేందిరా? రిజిస్టర్లో సున్నా ఉంది. ఆ చెయ్యి ఇంట్లో మోటారు బాగుచేసుకుంటుంటే పోయిందని రాసుంది. సున్నా నుంచి సున్నాకి నువ్వు పీకిందేంది?"

అన్న చెయ్యి గురించి అలా రాసి పంపింది ఈ మనిషే. ఆ సంగతి ఆ నిమిషంలోనే తెలిసింది నాకు. కాగితాలు మొహానికి తగిలాయి. లేచి అతని కాలర్ పట్టుకున్నాను. అతను నా గొంతు పట్టుకున్నాడు. బల్ల మీది గాజు గ్లాసు పగిలి ఇద్దరి చేతులూ తెగాయి. అటెండర్ వచ్చి విడదీశాడు.

"ఆ వరుస తీసెయ్, సంతకం పెడతా. గంటల లెక్క చాలు నీకు" అన్నాడు మేనేజర్, రొప్పుతూ.

నిజంగానే అది చాలు. ఆ ఒక్క వరుస తీస్తే పై కుర్చీ నాదే. ఉంచితే ఆ మాట ఇంకెవరు చెప్తారన్న గడిలో ఒక పేరు రాయాలి.

తోటపల్లి గూడూరు దాటాక ఒక రొయ్యల గుంట దగ్గర కాపలా ఉంటున్నాడు అన్న. కేసులో అతని పేరు రాస్తానని చెప్పీ చెప్పగానే ఎడమ చేత్తో చెంప పగలగొట్టాడు.

"నా చెయ్యి చూపిచ్చి నువ్వు పెద్దాఫీసరవుతావా? సిగ్గుండాదా నీకు?" మేత బక్కెట్టు ఎత్తి విసిరాడు. భుజానికి తగిలింది. కింద పడ్డాను. తన్నబోతుంటే, నీ చెయ్యి ఇంట్లో పోయిందని రాశారన్నా, అన్నాను.

కాలు ఆగింది.

"ఇంట్లోనా?"

ఆ తర్వాత చాలాసేపు కట్ట మీద అటూ ఇటూ నడుస్తూ, మేనేజర్ వంశాన్నంతా తిట్టాడు. చివరికి నా ఎదురుగా కూచున్నాడు. "రాయి. నా నంబరు గూడా రాయి."

మేనేజర్ సంతకం లేకుండానే కేసు ఇచ్చాను. తీసుకోవడం తన పని అని హెచ్‌ఆర్ మేడమ్ తీసుకుంది. ప్రమోషన్ కమిటీలో ముగ్గురు. గంటల దగ్గర తలలూపారు. చివరి వరుస దగ్గర పెద్దాయన కళ్లద్దాలు తీసి, ఇది రికార్డుల్లో లేదే అన్నారు. పక్క గడిలో నంబరుంది సార్ అన్నాను. ఆయన స్పీకరు పెట్టి అన్నకు ఫోను కలిపారు.

"ఎవురయ్యా మీరు? చెయ్యి ఇంట్లో పోయిందనింది మీరేనా? రండి ఇక్కడికి! మీ డ్రమ్ముని అడగండి, నా ఉంగరం దాన్లోనే ఉంది!"

ఇంకా చాలా అన్నాడు. ఎవరూ ఆపలేకపోయారు. నాకు లోలోపల సంతోషంగా ఉంది.

ఎంక్వైరీ వేశారు. డ్రమ్ము విప్పితే వంకర తిరిగిన ఉంగరం దొరికింది. మేనేజర్‌ను పని నుంచి తప్పించి పక్కన కూర్చోబెట్టారు. నాది అతని కింద పనిచేసేవాడి కేసు కాబట్టి, ఎంక్వైరీ తేలేదాకా అదీ ఆపేశారు. ఆ ఏడు నాకు ప్రమోషన్ రాలేదు. ఇంటికొచ్చి గోడను గుద్దాను, వేళ్లు వాచిపోయాయి.

రిజిస్టర్లో మాత్రం సున్నా కొట్టేసి ఒకటి రాశారు. ఆ మాట చెప్పడానికి గుంట కాడికి వెళ్లాను. అన్న విన్నాడు, నా వాచిన చెయ్యి చూశాడు.

"నీకేమైంది?"

"రాలేదన్నా."

వీపు మీద ఒక్కటిచ్చాడు, ఊపిరి ఆడలేదు.

"వచ్చే ఏడు మళ్లా రాయి. దీన్ని గూడా కలుపు. ముందు సున్నా, తర్వాత ఒకటి. నీ వల్ల మారినాది అదే కదా?"