చించి కలిపితే చక్కెర కాదట

రాజపాళయంలో మా మేనమామకు బ్యాండేజీ గుడ్డ కొట్టు ఉంది. ఆయనకు షుగరు. అయినా రోజుకు నాలుగుసార్లు త్రీ-ఇన్-వన్ కాఫీ ప్యాకెట్ చించి వేడినీళ్ళలో కలుపుకుని తాగేవాడు. డాక్టరుతో మాత్రం చక్కెర లేని కాఫీ అని చెప్పేవాడు. అది అబద్ధం కాదు, చెంచాతో వేసుకుంటేనే చక్కెర అని ఆయన నమ్మకం.

పరీక్షలో అంకె మళ్ళీ పెరిగింది. ఇంకోసారి పెరిగితే ఇన్సులిన్ సూదేనని డాక్టరు అన్నాడు. సూదంటే మామకు హడల్. అత్త నన్ను పిలిపించింది. నేను ప్యాకెట్ వెనక్కి తిప్పాను.

"మామా, ఎక్కువుండేదే ముందు రాస్తారు. మొదటి పేరే చక్కెర. కాఫీ ఎక్కడో వెనక ఉంది."

"నా చేత్తో ఒక్క చెంచా సీని వేసినానా రా?"

"నీకు శ్రమ లేకుండా వాళ్ళే వేసినారు."

ఆయన ఒప్పుకోలేదు. అత్త ఆయన కళ్ళకు కొట్టులోని గుడ్డే కట్టి రెండు గ్లాసులు అందించింది. ఒకదాంట్లో సీసాలోని వట్టి ఇన్‌స్టంట్ కాఫీపొడి, పాలు, రెండోదాంట్లో ప్యాకెట్.

"మొదటిది కషాయం. రెండోది పాయసం!" అన్నాడు మామ.

"పాయసమని నువ్వే చెప్పినావు," అన్నాను.

"సరి, పొడి సీసా విల జాస్తి కదప్పా?"

లెక్క వేశాను. పాలతో కప్పు ప్యాకెట్ ధరకే తేలింది, వట్టి నీళ్ళతో అయితే సగమే.

మామ పొడికి మారాడు. తర్వాతి పరీక్షలో అంకె దిగింది, సూది తప్పింది. మిగిలిన ప్యాకెట్లు పారేయమని నాకిచ్చాడు. రెండు వారాల్లో అన్నీ నేనే తాగేశాను. నిజం చెప్పాలంటే, చాలా బాగున్నాయి.