చావుకు నేను పెట్టిన దీర్ఘం

తెలుగులో ఒక దీర్ఘం ఎంత పని చెయ్యగలదో నాకు బడిలో ఏ మాష్టారూ చెప్పలేదు. బరంపురంలో గుండె వార్డు డాక్టరుగా పనిచేసే రోజుల్లో, చికిటి అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక రైతు భార్య దగ్గర నేర్చుకున్నాను. సిగ్గుపడుతూ నేర్చుకున్నాను.

ఆ రైతుకి అంతకు ముందు ఏడాది గుండెపోటు వచ్చి గుండె బలహీనపడింది. గుండె వేగాన్ని తగ్గించే పాత మాత్ర ఒకటి వాడుతున్నాడు. అలాంటి రోగుల్లో ఆ మాత్ర చావుల్ని తగ్గిస్తుందని ఏనాడో తేలిన విషయం. కాకపోతే దాంతో మనిషి నీరసించిపోయేవాడు. "కాళ్లు పీకేస్తన్నాయమ్మా. పొలం గట్టెక్కితే ఆయాసం. ఇలాగ బతికి ఏటి సెయ్యను?" అని ప్రతిసారీ అడిగేవాడు. ఏదో ఒక దారి చూపించి తీరాలనిపించేది నాకు.

సరిగ్గా అప్పుడే కొత్త మాత్ర ఒకటి వచ్చింది. నీరసం లేకుండా నాడి వేగం తగ్గిస్తుందట. దాని మీద వచ్చిన పరిశోధన నివేదికని మా విభాగాధిపతి నా చేతిలో పెట్టి, శనివారం మధ్యాహ్నం మీటింగులో నువ్వే చెప్పాలి, వచ్చే వారం నుంచి వార్డులో మొదలుపెడదాం అన్నారు. నేను మొదటి పేజీలో సారాంశం చదివాను. మరణం, లేదా గుండెపోటు, లేదా గుండె నీరసించి ఆసుపత్రిలో చేరడం, ఈ మూడూ కలిపిన లెక్క కొత్త మందుతో బాగా తగ్గిందని ఉంది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

మీటింగుదాకా ఆగకుండా సోమవారమే ఆ రైతు భార్యకి నా నోటితోనే చెప్పాను. "కొత్త మాత్రతో సావూ తగ్గుద్ది, పోటూ తగ్గుద్ది, ఆస్పత్రిలో సేరడమూ తగ్గుద్ది పిన్నీ."

ఇంగ్లీషులో 'లేదా' అన్నదాన్ని నేను తెలుగులో మూడు దీర్ఘాలు చేసి పారేశాను. మూడూ కలిపిన లెక్క తగ్గడం వేరు, మూడూ తగ్గడం వేరు. అది నాకు తట్టనేలేదు. ఆవిడ మాత్రం "సావూనా" అని ఒకసారి అడిగి, నేను తలూపాక మొగుడి వంక చూసి నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

పాత మాత్ర సగం చేసి కొత్తది మొదలుపెట్టాను. గురువారం వాళ్లొస్తే నాడి చూశాను. చక్కగా దిగింది. నాడి దిగింది కాబట్టి మందు మేలు చేస్తోందనుకుని, ఆదివారం నుంచి పాతది పూర్తిగా మానెయ్యమని చెప్పి పంపాను.

శనివారం పొద్దున్న టీ తాగుతూ మీటింగు కోసం లోపలి పేజీలు తిప్పాను. అక్కడొక పట్టికలో ఆ మూడింటినీ విడివిడిగా వేశారు. చావుల వరసలో కొత్త మందుకీ పోల్చడానికిచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్రకీ తేడా లేదు. గుండెపోటు వరసలోనూ లేదు. తగ్గింది ఆసుపత్రి చేరికలు ఒక్కటే. అవే ఎక్కువ కాబట్టి మొత్తం లెక్కని అవే కిందికి లాగాయి. పైగా ఒక్కో మనిషికి మొదట ఏది జరిగితే అదే ఆ లెక్కలోకి వస్తుంది. ముందు ఆసుపత్రిలో చేరి తర్వాత చనిపోయినవాడు అందులో చేరికగానే మిగిలిపోతాడు. అతని చావు ఈ విడి వరసలోనే కనిపిస్తుంది.

రంభ ఊరి నుంచి వచ్చే రొయ్యల గంపలో పైన నాలుగు పెద్ద రొయ్యలు పేర్చి ఉంటే మా అమ్మ ఊరుకునేది కాదు. చెయ్యి అడుగుదాకా పెట్టి చూశాకే బేరం మొదలెట్టేది. ఆవిడ కడుపున పుట్టి, ఇంత డాక్టరు చదువూ చదివి, నేను పైరొయ్యలు చూసి వచ్చేశాను. నివేదిక ఏదీ దాచలేదు. నేనే అడుగుదాకా వెళ్లలేదు.

ఇంకో పట్టికలో ఆ పరిశోధనలో పాల్గొన్న మనుషుల్లో చాలామంది పాత మాత్ర వాడుతూనే దాని మీద కొత్తది వేసుకున్నారని ఉంది. పాతది మానేస్తే ఏమవుతుందో ఆ నివేదికకి తెలీదు. ఇటు నేనేమో అదే మాన్పిస్తున్నాను, ఆ మాత్ర ఉన్నపళంగా మానితే గుండెకి ప్రమాదమని తెలిసి కూడా. వాళ్ల ఫోనుకి చేస్తే స్విచాఫ్. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

మీటింగులో తెర మీద సారాంశం వెయ్యలేదు. ఆ పట్టికే వేశాను. విభాగాధిపతి ఒడియా ఆయన, నాకు గురువు, తొందరగా కోపం తెచ్చుకునే మనిషి. "మొత్తం లెక్క తగ్గింది, నాడీ తగ్గింది. ఇంకేం కావాలి నీకు?" అన్నారు.

"ఆసుపత్రిలో చేర్చడం డాక్టరు చేతిలో పని సర్. చావు అలా కాదు. రెండూ ఒక లెక్కలో వేస్తే చావు తగ్గిందనుకుంటాం. నేను అలాగే అనుకున్నాను" అన్నాను. "ఇక నాడి మనం కొలిచే గుర్తు. బతుకు కాదు. వెనకటికి గుండెపోటు తర్వాత వచ్చే లయ తప్పిన గుండె కొట్టుకోవడాన్ని అణిచే మందులుండేవి. ఈసీజీ శుభ్రంగా కనిపించేది. చావులు లెక్కపెడితే ఆ మందు వేసుకున్నవాళ్లలోనే ఎక్కువ పోయారు."

ఆయన చేతిలో పెన్ను బల్ల మీద పెట్టారు.

"ఆ రోజుల్లో ఆ మందు నేనూ రాశాను" అన్నారు. తర్వాత, "ఎవరికైనా మొదలుపెట్టావా?" అని అడిగారు.

చెప్పాను. చికిటి రైతు సంగతి, రేపటి ఆదివారం సంగతి. తిడతారనుకున్నాను. "మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నావ్?" అన్నారు.

మూడింటి బస్సెక్కాను. దారి పొడవునా ఫోను చేస్తూనే ఉన్నాను. చికిటిలో దిగి ఆటో పట్టుకుని ఆ పల్లెకి వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. రైతు గట్టు మీద నడుస్తున్నాడు. ఆయాసం లేకుండా, చేతిలో పార పట్టుకుని. నన్ను చూసి ఎదురొచ్చాడు.

"సూసినారా, గట్టెక్కగలుగుతన్నాను" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ సంతోషాన్ని లాక్కోడానికే వచ్చాను మరి.

అతని భార్య స్టూలు వేసి కూర్చోమంది. "ఆదివారం దాకా ఎందుకని పాతది ఇయ్యాల పొద్దున్నే మానిపించేసినానమ్మా" అంది. ఛార్జింగు అయిపోయిన ఫోను గూట్లో పడుంది. నేను ముందు అతని నాడి చూశాను, ఛాతీలో నొప్పేమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

"నేను తప్పు సెప్పాను పిన్నీ. కొత్త మాత్రతో ఆస్పత్రిలో సేరడం తగ్గుద్ది. సావు తగ్గుద్దని తేలలేదు."

"సావూ అన్నారు కదమ్మా."

"అన్నాను. అది నా తప్పు."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. రైతు పార గోడకి ఆనించి, "మరి పాతదో?" అన్నాడు.

"అది సావుని తగ్గిస్తాదని తేలింది బాబాయ్. నీరసం కూడా నిజమే. సగం మాత్ర ఇప్పుడే ఏసుకుని, మెల్లిగా పెంచుదాం. కొత్తది దాని పక్కనే ఉండొచ్చు, దాని బదులు కాదు."

అతను పొలం వంక తిరిగి నిలబడ్డాడు. ఆవిడే లోపలికెళ్లి పాత మాత్రల అట్ట, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. మొగుడికి ఇవ్వకుండా రెండూ చేతుల్లో పట్టుకునే నా ఎదురుగా నిలబడింది.

"ఇంకోపాలి సెప్పండమ్మా" అంది. "సావు ఒక్కటే సెప్పండి. మరేటీ కలపకండి."

ఒక్కటే చెప్పాను. అప్పుడు మాత్ర ఇచ్చింది.