వైకుంఠం సారు మూయని వరస

మా వైకుంఠం సారుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ మ్యాట్రిక్స్ చెప్పేటప్పుడు ఆ మనిషే వేరు. లాల్‌దర్వాజాలో వాళ్లది పాలవ్యాపారం. అన్నలిద్దరూ బర్రెలను చూసుకుంటారు, ఈయనొక్కరే గణితంలో పడ్డారు. ఇరవయ్యారేళ్లుగా మా చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతున్నారు. నేను ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు ఆయన పక్క కుర్చీలోనే లెక్చరర్‌గా కూర్చుంటున్నాను. పేరు శ్రవణ్‌కుమార్. అయినా ఆయనకు నేనింకా 'పోరడు'నే.

ఆయన పద్ధతి చూడాలి. బోర్డు మీద మ్యాట్రిక్స్ రాసి, ఒక పెద్ద అట్టముక్కతో ఎడమ పై మూల తప్ప మిగతాదంతా మూసేవారు. ముందు ఒక్క అంకె కనిపిస్తుంది. అట్ట కాస్త జరిపితే రెండు వరసలు, రెండు నిలువులు. పూర్తిగా తీస్తే మొత్తం. ప్రతిసారీ కనిపించినదాని డిటర్మినెంట్ కట్టించేవారు. అవే లీడింగ్ మైనర్లు.

"2x² + 2xy + 3y² తీసుకోన్రి. xy ముందున్న రెండును సగం చేసి రెండు దిక్కుల పెట్టాలె. పైన రెండు, ఒకటి. కింద ఒకటి, మూడు. మొదటి మైనర్ రెండు. రెండోది, రెండు మూళ్ల ఆరులకెల్లి ఒకటొకట్ల ఒకటి తీస్తే అయిదు. రెండూ సున్నాకు పైనే ఉన్నయి. అంటే x, y ఏం పెట్టినా విలువ సున్నా కిందికి దిగదు. సున్నా అయ్యేది రెండూ సున్నా అయినప్పుడే. అడుగు గుండ్రంగున్న గిన్నె తీర్గ, అన్నిటికంటె కిందిది ఒక్కటే చోటు."

ఇలా చెబితే అర్థంకానివాడు ఉండేవాడు కాదు. ఆయన చేతిరాత నోట్స్ ఏటా జిరాక్స్ షాపులో కట్టలు కట్టలుగా పోయేది. పాసవ్వాలంటే అది చాలని పాతబస్తీలో చాలా కాలేజీల పిల్లలు నమ్మేవారు. నేనూ నమ్మాను. ఆ నోట్స్‌లో ఒక వాక్యం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన సొంతంగా కలిపినది. "లీడింగ్ మైనర్లలో సున్నాలున్నా ఫర్వాలేదు, ఏదీ నెగటివ్ కాకపోతే చాలు, అప్పుడూ కనిష్ఠ విలువ సున్నాయే." నేనూ దాన్ని నా క్లాసుల్లో హాయిగా అప్పజెప్పాను.

ఈ ఫిబ్రవరిలో ఇంటర్నల్ పరీక్షకు సారు ఆ వాక్యం మీదే ఒక లెక్క ఇచ్చారు. x² + y² + 2xy + 2xz + 2yz. దీనికి కనిష్ఠం ఉందా? మ్యాట్రిక్స్‌లో అన్నీ ఒకట్లే, కింద కుడి మూల ఒక్కటే సున్నా. మైనర్లు ఒకటి, సున్నా, సున్నా. క్లాసంతా 'ఉంది, సున్నా' అని రాసింది. షారోన్ ఒక్కతే 'లేదు' అని రాసింది. సారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఆ నాలుగు మార్కులు పోవడంతో ఆమెకు ఏడు వచ్చాయి. ఎనిమిది రాకపోతే మా కాలేజీలో హాల్‌టికెట్ ఇవ్వరు.

షారోన్ ఫలక్‌నుమా నుంచి వస్తుంది. తల్లి అక్కడి స్టేషన్‌లో ఊడ్చే పని చేస్తుంది. ఈ సంవత్సరంతో డిగ్రీ అయితే సరే, లేకపోతే బట్టల షాపులో కౌంటర్ మీద నిలబడాల్సిందేనని తల్లి ముందే చెప్పేసిందట. ఆ పిల్ల పేపరు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది.

"సార్, నేను రాసింది తప్పేంది సార్?"

"మైనర్లు చూసినవా? ఒక్కటన్న నెగటివ్ ఉందా?"

"లేదు సార్. గని x ఒకటి, y సున్నా, z మైనస్ ఒకటి పెట్టిన. విలువ మైనస్ ఒకటొచ్చింది."

"క్లాసుల చెప్పింది రాయాలె గని నీ సొంత తెలివి ఎందుకు? పో, లొల్లి చెయ్యకు."

ఆమె పేపరు మడిచి వెనక్కి తిరిగింది. గుమ్మం దాటేదాకా కన్నీళ్లు ఆపుకుంది, ఆ తర్వాత ఆగలేదు. నేను అక్కడే ఉండి పళ్లికిలించుకుంటూ చాయ్ తాగుతున్నాను. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆమె వెళ్లాక సారు ఒక కాగితం తీసి, ఊరికే అన్నట్టు పది, సున్నా, మైనస్ పది పెట్టి చూశారు. వంద లోంచి రెండు వందలు పోయాయి. మైనస్ వంద. పెన్ను కింద పెట్టారు.

"పోరడా, ఇది ఎంత దూరమన్న కిందికే పోతుంది. దీనికి కనిష్ఠం లేనే లేదు."

"మైనర్లు మంచిగనే ఉన్నయి కద సార్?"

"మూల మీదికెల్లి చూసినయి మంచిగున్నయి. నడిమి వరస, నడిమి నిలువు మూసి చూడు. ఒకటి, ఒకటి, ఒకటి, సున్నా. డిటర్మినెంట్ మైనస్ ఒకటి. ఇరవయ్యారేండ్లల్ల నేను గట్ల ఎన్నడు మూయలే."

ఆయన ముఖం చూడలేకపోయాను. మార్కుల లిస్టు అప్పటికే సంతకమై ప్రిన్సిపాల్ ఇంద్రజ మేడమ్ దగ్గరికి వెళ్లిపోయింది. నేను తెలివిగా ఒక సలహా ఇచ్చాను. "ఒక్క గ్రేస్ మార్కు కలుపుదాం సార్. ఎవ్వరికీ తెల్వది, మీ నోట్స్‌కు మాట రాదు."

"గ్రేస్ ఇస్తే ఆ పిల్ల తప్పు రాసినట్టే కద? ఒప్పు రాసినదానికి దయ చూపెడ్తర్రా?" అని నా మీద విరుచుకుపడ్డారు.

మార్కులు మార్చాలంటే కారణం రాసివ్వాలన్నారు ఇంద్రజ మేడమ్. ఆయన నిలబడే రాశారు: 'నా నోట్స్‌లో తప్పుంది. విద్యార్థిని జవాబు సరైనది.' మేడమ్ రెండుసార్లు చదివి, ఇంకేదైనా కారణం రాయొచ్చు కదా అన్నారు. ఇంకేదీ లేదన్నారు సారు.

మర్నాడు పొద్దున క్లాసులో షారోన్‌ను పిలిచి చాక్‌పీసు చేతికిచ్చి, తాను మొదటి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆమె అదే మ్యాట్రిక్స్ బోర్డు మీద రాసింది. లీడింగ్ మైనర్లన్నీ సున్నాకు పైనుంటే అవే చాలంది. సున్నా తగిలితే మాత్రం ఏ వరసలు ఉంచితే అవే నిలువులు ఉంచి, అన్ని మైనర్లూ చూడాలంది. మూడు వరసలకు అవి ఏడు. ఏడింటిలో ఒక్కటి నెగటివ్ అయినా విలువ సున్నా కిందికి దిగే దారి ఉన్నట్టే. సారు చెయ్యెత్తి ఒక డౌటు కూడా అడిగారు. అది నిజం డౌటే.

క్లాసయ్యాక దిద్దిన పేపరు ఇచ్చారు. ఏడు కొట్టేసి పదకొండు వేసి, పక్కన సంతకం పెట్టారు.

"సార్, ఇది ఇంటికి తీస్కపోవచ్చా? అమ్మకు చూపెడ్త."

"తీస్కపో బిడ్డా. తప్పు నాదని గూడ చెప్పు."

"అది చెప్పను సార్."

"చెప్పాలె. నిన్న నువ్వు ఏడ్సుకుంట ఇంటికి పోతివి. నీకు చదువు రాదనుకున్నదో ఏమో మీ అమ్మ. ఒక్క రాత్రైనా గట్లనుకుంటే అది నా వల్లనే కద బిడ్డా."