త్రీ పర్సెంట్ సెలైన్ బిల్లు

నారాయణగూడలోని ఆ నర్సింగ్ హోమ్‌లో నేను కూర్చునే గది మందుల స్టోర్‌కి ఆనుకునే ఉండేది. గ్రూప్స్ రాయాలని అశోక్‌నగర్ హాస్టల్లో చేరి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి విసిగిపోయి, బీకాం డిగ్రీ పట్టుకుని అక్కడ అక్కౌంట్స్‌లో చేరాను. హాస్టల్ మాత్రం మారలేదు. సప్లయర్ల బిల్లులు సరిచూసి పాస్ చేయడం నా ఉద్యోగం.

ప్రతి బిల్లుకీ మూడు కాగితాలు కలవాలి. మేము ఏం పంపమన్నామో చెప్పేది పర్చేజ్ ఆర్డర్. ఏం వచ్చిందో చూసి మా స్టోర్ వాళ్ళు ఎక్కించేది జీఆర్ఎన్. మూడోది సప్లయర్ పంపిన బిల్లు. సరుకు పేరు ఆర్డర్‌లోంచే వచ్చి పడుతుంది; ఎంత, ఏ రేటు అన్నవాటిలో ఎక్కడ తేడా వచ్చినా కంప్యూటర్ ఆ వరుసను ఎర్రగా చూపించి చెల్లింపు ఆపేస్తుంది. అప్పుడు నేను ఫోన్లు చేసి తేడా ఏమిటో తేల్చాలి. చాలాసార్లు అది కొత్త రేటో, దారిలో పగిలిన సీసాలో అయి ఉండేది.

ఆ రోజు పొద్దున చిన్న సెలైన్ సీసాల బిల్లు ఎక్కించగానే వరుస ఎర్రబడింది. సీసాల లెక్క మూడింట్లోనూ ఒకటే. రేటు మాత్రం మేము ఒప్పుకున్నదానికి రెట్టింపుకు పైనే ఉంది. రేటు తప్పు వేశారు, సరిచేసి పంపమందాం అనుకుని మెయిల్ రాయడం మొదలుపెట్టాను. సరుకు పేరు బిల్లులో ఉన్నట్టే రాద్దామని కాగితం చేతిలోకి తీసుకున్నాను. సోడియం క్లోరైడ్ 3 శాతం అని ఉంది.

మా ఆర్డర్‌లో 0.9 శాతం. జీఆర్ఎన్‌లోనూ 0.9 శాతమే. రెండు కాగితాలు ఒక మాట చెబుతుంటే తప్పు మూడోదానిదే అనుకోవడం మాకు అలవాటు. నేనూ అదే అనుకున్నాను. కానీ మందుల బిల్లు కదా, బ్యాచ్ నంబర్ కూడా చూడాలి. చూశాను. బిల్లులో ఉన్న నంబరే జీఆర్ఎన్‌లోనూ ఉంది, ఒక్క అక్షరం తేడా లేకుండా.

కాసేపు అర్థం కాలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాను. ఒక బ్యాచ్ నంబర్ ఒకే మందుకు వేస్తారు. మా స్టోర్‌లోకి వచ్చిన డబ్బాల మీద ఆ నంబరే ఉందంటే, బిల్లులో ఉన్న మందే లోపలికి వచ్చింది.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. బిల్లింగ్‌లో ఉండే అమ్మాయి ఎత్తింది.

"అక్కా, బిల్లు కరెక్టే. మా దగ్గర ఎంట్రీల త్రీ పర్సెంట్ అని పడ్డది. గోడౌన్ల గదే తీసి పంపిండ్రు. ఎందుకు, అది కాదా మీరు అడిగింది?"

ఫోన్ పెట్టేసి స్టోర్‌లోకి వెళ్ళాను. స్టోర్ ఇన్‌చార్జి అక్కడ ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన, నేను అన్నా అని పిలిచేదాన్ని. బిల్లు ఆయన ముందు పెట్టాను. ఆయన లేచి అలమరలోంచి ఒక సీసా తీశాడు. ఎప్పుడూ వచ్చే సీసా సైజే, అదే తెల్లటి ప్లాస్టిక్. లేబుల్ మీద మాత్రం 3 శాతం అని ఉంది.

"బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ డబ్బా మీద జూసే కొట్టిన. పేరు మాత్రం ఆర్డర్ల ఎట్లుందో గట్లనే ఒప్పేసిన," అన్నాడు నెమ్మదిగా. తర్వాత, "నిన్న సాయంత్రం ఒక డబ్బా మగోళ్ళ వార్డుకు పోయింది," అన్నాడు.

నాకు వైద్యం తెలియదు. అది మామూలు సెలైన్ కంటే మూడింతలకు పైగా ఉప్పు ఉన్న నీళ్ళని, కొన్ని జబ్బుల్లో కొలిచి జాగ్రత్తగా ఎక్కించేదని పైనున్న ఆ వార్డుకు పరుగెత్తుతుంటే ఆయనే మెట్ల మీద చెప్పాడు. మా వార్డుల్లో చిన్న సీసాలు యాంటీబయాటిక్ కలిపి ఎక్కించడానికి వాడతారు.

కిటికీ పక్క మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. చిక్కడపల్లిలో బట్టల దుకాణం నడిపి మానేసినాయన, కాలి పుండుకు ఆపరేషన్ అయింది. స్టాండుకు వేలాడుతున్న సీసా సగం ఖాళీ అయింది. దాని మీద 3 నాకు మంచం దాకా వెళ్ళకముందే కనిపించింది.

ఆయన భార్య నన్ను నర్సు అనుకుంది. "అమ్మా, సీసా పెట్టినప్పటి సంది చెయ్యి మండుతున్నదంటున్నడు. జర జూస్తవా?" అంది.

అన్న అప్పటికే సిస్టర్‌ని పిలిచాడు. ఆమె సీసా తిప్పి చూసి, వెంటనే డ్రిప్ ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చేసింది. డాక్టర్ వచ్చి రక్తం తీయించాడు, సూది ఇంకో చేతికి మార్పించాడు. మిగిలిన సీసాలన్నీ ఇద్దరు సిస్టర్లు వార్డంతా వెతికి స్టోర్‌కి చేర్చారు. ఆ డబ్బాలోంచి ఈ ఒక్క సీసానే వాడారని తేలింది.

నేను బిల్లు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. మేనేజర్ పైకి వచ్చాడు. డాక్టర్‌తో గొంతు తగ్గించి, "వీళ్ళకు ఇప్పుడే చెప్పుడెందుకు సార్? రిపోర్ట్ రానీయండి," అన్నాడు. ఆ ముసలమ్మ మాకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. పొద్దున్నుంచి జరిగినవాటిలో నన్ను ఎక్కువ కుదిపింది ఆ మాటే. సీసా మారడం పొరపాటు. ఇది తెలిసి తెలిసీ అంటున్న మాట.

డాక్టర్ స్టూలు లాక్కుని ముసలమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, మా దిక్కునుంచి తప్పయింది. ఉప్పు ఎక్కువున్న సీసా పెట్టినం. సగంలనే ఆపినం. రక్తం పరీక్ష చేస్తున్నం, నేను ఈడనే ఉంట."

ఆమె ఏడవలేదు, అరవలేదు. "నేను చెప్తనే ఉన్న, మండుతున్నదంటున్నడని," అంది. అంతే. సిస్టర్ తల వంచుకుంది.

రిపోర్ట్‌లో ఉప్పు కొద్దిగా పెరిగింది, ప్రమాదం లేదన్నారు. మర్నాడు మళ్ళీ చేస్తే మామూలుకు వచ్చింది. చేతి మీద వాపు తగ్గాక ఆయన ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేరోజు ఆయన కొడుకు మేనేజర్ గదిలో కూర్చుని, జరిగిందంతా రాసి సంతకం పెట్టి ఇమ్మన్నాడు. డాక్టర్ రాసిచ్చాడు.

అన్నను తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. జీఆర్ఎన్ ఎక్కించే పద్ధతి మార్చారు. ఇప్పుడు స్టోర్ తెరమీద ఆర్డర్‌లోని పేరూ లెక్కా ముందే కనిపించవు. డబ్బా తెరిచి, సీసా చూసి, అక్కడున్నది ఉన్నట్టు కొట్టాలి. ఆర్డర్‌తో పోల్చడం తర్వాత కంప్యూటర్ పని. వార్డులో కూడా సీసా పెట్టే ముందు ఇద్దరు సిస్టర్లు లేబుల్ పైకి చదువుతారు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. మేనేజర్ కూడా. నాకు మాత్రం హాస్టల్లో అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఒకటే తొలిచేది. ఆ వరుస ఎర్రబడింది రేటు వల్ల. సప్లయర్ దగ్గరి అమ్మాయి బిల్లులో పాత రేటే వేసి ఉంటే నేను పాస్ నొక్కి తర్వాతి బిల్లు తీసుకునేదాన్ని. హాస్టల్ గదిలో నా పక్క మంచం అమ్మాయికి చెప్పాను. ఆమె పుస్తకం మూసి, "అట్ల ఆలోచించకే, పరేషాన్ అయితవ్," అంది. కానీ ఆ రోజు ఆమె కూడా సరిగ్గా తినలేదు.

తర్వాతి వారం అదే సప్లయర్ నుంచి సరైన సీసాలు, కొత్త బిల్లు వచ్చాయి. మూడు కాగితాలూ కలిశాయి, వరుస ఎర్రబడలేదు. చేయి మౌస్ మీద పెట్టి అలాగే కూర్చుండిపోయాను. చివరకు లేచి స్టోర్‌లోకి వెళ్ళి, "అన్నా, ఒక్క సీసా చూపియ్యవా," అన్నాను. ఆయన డబ్బా కోసి, సీసా నా చేతిలో పెట్టాడు.