తేదీ లేని జవాబు

కోవూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. అందులో క్రీస్తుదాసు కాంపౌండరు. మందులు కలపడంలో చెయ్యి తిరిగినవాడు. సీసా మీద మోతాదుకొక గాటు పెట్టిన కాగితం పట్టీ అతను అతికించినంత శుభ్రంగా ఆ చుట్టుపక్కల ఎవరూ అతికించలేరు. అయితే అతనికి పేరు తెచ్చింది మందులు కాదు, ఇంగ్లీషు. కలెక్టరుకు అర్జీ పెట్టాలన్నా, రైల్వేవాళ్లకు మొర పెట్టుకోవాలన్నా జనం అతని దగ్గరికే వచ్చేవాళ్లు. రాసిన ప్రతి కాగితంలోనూ ఎక్కడో ఒకచోట “ప్రభువు చిత్తమైతే” అని చేర్చేవాడు. సంఘంలో పెద్దలందరూ అలాగే రాసేవాళ్లు గనుక ఎవరికీ అది వింతగా తోచేది కాదు.

మనిషి మంచివాడే. కాకపోతే పక్కవాడికి మేలు జరిగితే ఆ రోజు అతనికి అన్నం సయించదు. పాస్టరుగారు కొత్త సైకిలు కొంటే బెల్లు మోత బాగాలేదన్నాడు. ఆసుపత్రి డ్రైవరు కొడుకు ఎస్సెల్సీ పాసైతే ఆ ఏడు పేపర్లు మరీ తేలికగా ఇచ్చారన్నాడు. భార్య ఎలిశబెతు మీద మాత్రం ఆ జబ్బు ఎన్నడూ పనిచేయలేదు. ఆమె అదే ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. ఆమెను ఎవరైనా మెచ్చుకుంటే తననే మెచ్చుకున్నట్టు మీసం దువ్వుకునేవాడు. ఆమెకు జరిగే మంచి తన కంటే పెద్దది కానంతవరకే ఆ మురిపెమని అతనికీ తెలియదు పాపం.

పంతొమ్మిది వందల అరవై రెండు మొదట్లో ఉత్తరాన కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీ ఊరి ఆసుపత్రికి మనుషులు కావాలని పేపర్లో పడింది. కాంపౌండర్లూ కావాలి, నర్సులూ కావాలి. క్రీస్తుదాసు తనకోసం దరఖాస్తు రాసుకున్నాడు. ఒక్కడే వెళ్లడం ఎందుకని, తోడుకు భార్య పేర కూడా ఒకటి రాసి పడేశాడు. ఇద్దరూ మద్రాసు వెళ్లారు. మనుషుల్ని ఎంపిక చేసే ఆఫీసరు ఉత్తరాదివాడు, మాట తక్కువ మనిషి. క్రీస్తుదాసు అతని ముందు తన ఇంగ్లీషంతా కుమ్మరించి వచ్చాడు. ఎలిశబెతును మాత్రం ఆఫీసరు ఒక్కటే అడిగాడు. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది, డాక్టరు ఊళ్లో లేడు, ఏం చేస్తావు? ఆమె వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, మిగతాది చేతులతో చూపించింది.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. ఒక్కటే వచ్చింది. అది ఎలిశబెతుకు. క్రీస్తుదాసు కవరును తిప్పి తిప్పి చూశాడు, ఇంకో కాగితం దానికి అంటుకుని ఉందేమోనని.

“ఏం రాసినారండీ?” అని ఎలిశబెతు పక్కన నిలబడి ఆత్రంగా అడిగింది.

“నిన్ను తీసుకున్నారంట,” అన్నాడు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది అతనికి. “వారం లోపల వచ్చి చేరాలంట. ఇక్కడి సర్వీసు సర్టిఫికెట్టు తెచ్చుకోకుండా వస్తే చేర్చుకోరంట.”

అసలు చిక్కు అక్కడుంది. నెల ముందు చెప్పకుండా పని మానితే మిషన్‌వాళ్లు సర్టిఫికెట్టు ఇవ్వరు. వారంలో వెళ్తే కాగితం ఉండదు, కాగితం లేకపోతే ఉద్యోగం ఉండదు. పైగా రాత్రి కాన్పులకు ఎలిశబెతు తప్ప వేరే దిక్కు లేదు. నెల్లూరు నుంచి రావలసిన కొత్త నర్సుకు వార్డు అప్పగించి, పని చూపించి గాని కదలడానికి లేదు.

ఇద్దరూ నర్సింగ్ సూపరింటెండెంటు ఆనందకుమారిగారి దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి పెట్టింది.

“ఇట్టాంటివి మామూలేనమ్మా. వాళ్లకు తొందర, అందుకే వారం అంటారు. అడిగితే గడువు ఇస్తారు. కానీ అంతా అడగడంలోనే ఉంది. ముందు ఉద్యోగం ఒప్పుకుంటున్నానని ఖాయంగా రాయండి. ఇక్కడ నెల నోటీసు ఉందని ఒక్క ముక్క రాయండి. ఫలానా తేదీకి వచ్చి చేరతానని తేదీ వేయండి. తేదీ లేకపోతే ఈమెకు ఇష్టం లేదనుకొని జాబితాలో రెండో పేరుకు పోతారు.”

“మార్చి పదిహేనుకు పోతానమ్మా,” అంది ఎలిశబెతు. “ఆయన రాస్తారులే. మా ఇద్దరికీ కలిపి ఇల్లు కూడా అడుగుతారు.”

“అట్నే రాయండి. నోటీసు ఈ రోజే తీసుకుంటాను.”

ఇంటికి వచ్చి క్రీస్తుదాసు బల్ల ముందు కూర్చున్నాడు. కలం ముంచాడు గాని చెయ్యి కదలదు. కడుపు మండిపోతోంది. ఆ దరఖాస్తు రాసింది ఎవరు? ఆ ఇంగ్లీషు ఎవరిది? రేపు ఆ కొత్త ఊళ్లో తను ఎవరు? ఎలిశబెతు మొగుడు. నర్సమ్మ డ్యూటీకి పోతే ఇంటికి కాపలా ఉండేవాడు. పాస్టరుగారి సైకిలును చూసి కుళ్లుకున్నప్పుడు కనీసం అది పరాయి సొత్తు. ఇప్పుడు కుళ్లుకుంటున్నది సొంత పెళ్లాన్ని చూసి. అది తెలిసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డాడు గాని మంట తగ్గలేదు.

చివరికి రాశాడు. ఎంపిక చేసినందుకు వందనాలు రాశాడు. ఇక్కడి బాధ్యతల వల్ల వెంటనే రావడం కష్టమని రాశాడు. తేదీ ఉండవలసిన చోట, ప్రభువు చిత్తమైతే కొంతకాలం తర్వాత రావడానికి ప్రయత్నిస్తానని రాశాడు. అక్కడినుంచి కలం పరుగెత్తింది. తన భర్త కూడా అనుభవజ్ఞుడైన కాంపౌండరనీ, అటువంటి యోగ్యుణ్ణి ఆసుపత్రివారు వదులుకోకూడదనీ, దంపతులకు ఇల్లు ఇప్పించాలనీ కాగితం అడుగుదాకా నింపాడు. ఒక్క అబద్ధం లేదు అందులో. ఎవరైనా నిలదీస్తే దేవుణ్ణి అడ్డం పెట్టుకోవచ్చు. అర్జీలు రాసిన చెయ్యి కదా, ఏ మాట ఏ ఆఫీసరు ఎలా చదువుతాడో దానికి బాగా తెలుసు.

“అన్నీ రాసినారా?” అంది ఎలిశబెతు, చేతులు తుడుచుకుంటూ వచ్చి.

“ఆఁ, విను. ఉద్యోగం ఒప్పుకుంటున్నాను, నెల నోటీసు ఉంది, మార్చి పదిహేనుకు వచ్చి చేరతాను, మా ఇద్దరికీ ఇల్లు ఇప్పించండి,” అని కాగితం చూస్తూ తెలుగులో గడగడా చదివేశాడు.

ఆమె కాగితం అందుకుంది. దీపం దగ్గరకు జరిగి చాలాసేపు చూసింది. సంతకానికి చోటు వెతుక్కుంటోందని అతను అనుకున్నాడు. చివరికి సంతకం పెట్టి ఇచ్చింది. అతను పొద్దున్నే దాన్ని ఎక్స్‌ప్రెస్ డెలివరీలో వేసి వచ్చాడు.

ఆ తర్వాత క్రీస్తుదాసు అంతటి మంచి మొగుడు జిల్లాలో ఉండి ఉండడు. కోవూరు బజారు నుంచి చేపలు తెచ్చాడు. నీళ్లు తోడిపెట్టాడు. రాత్రి డ్యూటీకి లాంతరు పట్టుకుని వార్డుదాకా దిగబెట్టాడు. ఉద్యోగం పోయాక ఆమెను ఓదార్చే మాటలు కూడా ముందే సిద్ధం చేసుకుని, అప్పుడప్పుడు ఒకటి వదిలేవాడు.

“రాకపోయినా బాధపడబాకు ఎలిశబెతూ. దేవుడు ఇంకో దారి చూపిస్తాడు.”

“ఎందుకు రాదండీ? తేదీ వేసినాం కదా?” అనేది ఆమె.

“వేసినాం, వేసినాం,” అనేవాడు, తేలు కుట్టిన దొంగలాగా.

వారం గడిచిన మర్నాడు టెలిగ్రాం తీసుకుని పోస్టాఫీసు బంట్రోతు పోలేరయ్య సైకిలు మీద వచ్చాడు. మందుల గది కిటికీ దగ్గర ఆగి, “కాంపౌండరు సారూ, అమ్మగారికి తంతి!” అని కేకేశాడు.

క్రీస్తుదాసు సంతకం చేసి తీసుకున్నాడు. గుండె దడదడలాడింది. దడలో సగం సంతోషమే, దాచడం దేనికి? పాపం ఎలిశబెతు అని ముందుగానే అనుకుంటూ విప్పాడు.

రెండో ఉత్తరం అందిందట. మొదటిది పక్కన పెట్టారట. మార్చి పదిహేను వరకు గడువు ఇచ్చారట. ఆమె కోరినట్టే నర్సుల హాస్టలులో ఒక్కరికి గది ఉంచారట.

క్రీస్తుదాసు మళ్లీ చదివాడు. రెండో ఉత్తరమేమిటి? ఒక్కరికి గదేమిటి? కలుపుతున్న మందు అక్కడే వదిలేసి కాన్పుల వార్డుకు నడిచాడు. ఎలిశబెతు వరండాలో ఉతికిన గుడ్డలు మడత పెడుతోంది. అతని చేతిలో కాగితం చూసి లేచి తీసుకుంది. చదివి, కళ్లు మూసుకుని క్షణం నిలబడింది.

“రెండో ఉత్తరం ఎవరు రాసినారు?” అన్నాడు.

“నేనే. మీరు మీది పోస్టులో వేసొచ్చిన మూడో రోజు కూర్చొని రాసినా. ఆనందకుమారిగారికి చూపిస్తే, ‘తప్పులు దిద్దను, వాళ్లకు నీ మాటే కావాల’ అని చెప్పి, నోటీసు అందుకున్నట్టు ఒక చీటీ మాత్రం ఇచ్చినారు. ఒప్పుకున్నా అని రాసినా. నెల నోటీసు అని రాసినా. మార్చి పదిహేను అని రాసినా. గది సంగతీ రాసినా. అంతే.”

“మరి నేను రాసింది?”

“మీ కాగితంలో పదిహేను అంకె ఎక్కడా లేదండీ. నేను రోజూ ఇంగ్లీషులో చార్టులు చదువుకునేదాన్నే కదా? మీరేమో తేదీ ఉన్నట్టు చదివినారు.”

“చూసినదానివి అప్పుడే అడగొచ్చు గదా? సంతకం ఎందుకు పెట్టినావు?”

“మీరే నోరు తెరిచి చెప్తారేమో, వేరే కాగితం తీసుకుంటారేమో అని చూసినా. తెల్లారిందాకా చూసినా. మీరు నాకంటే ముందు లేచి పోస్టాఫీసుకు పోయినారు.”

క్రీస్తుదాసు తల దించుకున్నాడు. అబద్ధం ఆడటానికి ఇక ఏమీ మిగల్లేదు.

“ఓర్చుకోలేకపోయినా ఎలిశబెతూ. నన్ను వద్దని నిన్ను పిలిచినారు. కళ్లు కుట్టినాయి.”

“అది నాకు తెలుసు.”

“మరి ఒక్కదానికే గది అడిగినావే? ఇద్దరం పోదామనుకున్నాం గదా?”

ఆమె చేతిలోని గుడ్డను మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది.

“ఆ కాగితం పోస్టు చేసిన రోజు నుంచీ చేపలు తెచ్చినారు, లాంతరు పట్టినారు. పెళ్లయినాక నన్ను ఇంత బాగా మీరు ఎప్పుడూ చూసుకోలేదు. నాకు చెడు జరగబోతుందని కదా ఆ ప్రేమ? అక్కడ నాకు రోజూ మంచే జరిగితే, ఒకే ఇంట్లో ఉండి మీరేం చేస్తారండీ?”

లోపల ఎవరో నొప్పులకు కేక పెట్టారు. గుడ్డలన్నీ ఎత్తుకుని ఆమె వార్డులోకి వెళ్లిపోయింది.

క్రీస్తుదాసు వరండాలోనే నిలబడ్డాడు. వెనకాలే వెళ్లాలనుకున్నాడు, కాళ్లు పట్టుకోవాలని కూడా అనుకున్నాడు. కానీ ఆ సమయంలో సైతం అతని మనసును కొరుకుతున్న మాట వేరు. తప్పులున్న ఆమె ఇంగ్లీషు ఉత్తరం ఉంచుకుని, ఒక్క తప్పు లేని తన ఉత్తరాన్ని ఆఫీసరు పక్కన పెట్టాడు.