ఒకటో డబ్బా, రెండో డబ్బా

మందు పరీక్షలు పెట్టడానికి పట్నం నుంచి వచ్చిన పెద్ద డాక్టరును జీపుతో సహా కోడుమూరు పొలిమేర దాటించి తరిమినవాణ్ణి నేనే. ఈ మాట చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా జీపు కాస్త పెద్దదవుతూ వచ్చింది.

పంతొమ్మిదివందల యాభైల నడుమ ఆ ఊరి కుష్టు వైద్యశాలలో నేను కాంపౌండరును. డాక్టరు తెచ్చినవి రెండు డబ్బాలు. రెండింటి మాత్రలకూ రంగు, రుచి ఒకటే. ఒకదానిలో కొత్త మందు, రెండోదానిలో ఉత్త పిండి. ఏది ఏదో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ గుట్టు పట్నంలో, సీలు వేసిన కవరులో ఉంది. రోగి చీటీ మీది అంకె చూసి మాత్ర ఇవ్వడమే నా పని. ఏడాది దాకా వాళ్లకు వేరే మందు ఇవ్వకూడదు.

నా ఒళ్లు మండింది అక్కడే. కుష్టుకు పనిచేస్తుందని తేలిన డాప్సోన్ సీసాలు ఆ ఏడే మా బీరువాలోకి వచ్చాయి. పరీక్ష ముగిసేదాకా తాళం తీయొద్దన్నాడు డాక్టరు. కొత్త మందును డాప్సోన్‌తోనే పోల్చి చూడొచ్చు కదా అని అడిగాను. అబద్ధమెందుకు, అడగలేదు, అనుకున్నాను.

కక్కలేక మింగలేక, ఒక డబ్బాలో మందు లేదని బుడ్డలు, అంటే వేరుశెనక్కాయలు, ఒలిచే కూలామెతో అనేశాను. ఆమె చిటికెనవేలికి అప్పుడప్పుడే స్పర్శ పోతోంది. ఆమెది ఒకటో డబ్బా, తోడికోడలిది రెండోది. మరుసటి వారం ఇద్దరూ వసారాలో కూర్చుని, రొట్టె పంచుకున్నట్టు మాత్రలు విరిచి సగం సగం మార్చుకున్నారు. నెల తిరిగేసరికి అందరిదీ అదే పద్ధతి.

నేల మీది ముక్కలు డాక్టరు కంటబడ్డాయి. పరీక్షంతా పాడైందని నా మీద విరుచుకుపడ్డాడు. ఆ కూలామె అడ్డం వచ్చింది.

"మందు ఎవురికి పడిందో మీకే తెల్దంట. అందుకే పంచుకున్యాము. తెలిసిన మందు ఆ బీరువాలో ఉండాది కదా సామీ, అది ఈకుండా పిండి ఎందుకు పెడ్తాండారు?"

ఇంతకుముందు ఇక్కడ మీకు ఏ మందూ లేదు, కాబట్టి మీకు పోయిందేమీ లేదు అన్నాడాయన.

"ముందర నీళ్లు లేవని, బాయి తవ్వినాక గూడా దప్పితోనే ఉండమంటావా?"

ఆయన రిజిస్టరు మూశాడు. మర్నాడు వెళ్లిపోయాడు, సిగ్గుపడి కాదు, లెక్క చెడిపోయినందుకు. తరమడం మాట అటుంచి, ఆయన పెట్టె మోసి జీపులో పెట్టింది నేనే. ఆ జీపు కనుమరుగు కాగానే బీరువా తెరిచి అందరికీ డాప్సోన్ ఇచ్చాను.

ఇంతవరకు రాసి, మొన్న ఆమెకు చదివి వినిపించాను. ఒలుస్తున్న బుడ్డలు పక్కన పెట్టి, చెయ్యి నా ముందు చాపింది.

"ఏమప్పా, ఆ పొద్దే తెరిచినావా? పైనుంచి కాయితం రావల్లని మూడు నెలలు తాళం తీయకపోతివి. ఈ రెండు వేళ్లు వంకర పోయింది ఆ మూడు నెలల్లోనే."